తేనెటీగ కూడబెట్టింది ఎవరికి? వేమన్న మూడు పాదాలు, వినుకొండ మిరప రైతు లెక్క



వేమన్న చెప్పిన తేనెటీగ పద్యం గురించి ఈ వారం వీడియోలో మాట్లాడుకున్నాం. సమయం చాలక చివర్లో ఒక ముఖ్యమైన మాట వదిలేశాను. వినుకొండలో ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న అది. దానికి జవాబు చెప్పాలంటే ఆయన లెక్క మొత్తం చెప్పాలి, ఆ తర్వాత నా లెక్క కూడా చెప్పాలి. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు పద్యం సంగతి చూద్దాం. వేమన్న పద్యాలు ఎక్కువగా ఆటవెలది ఛందస్సులో ఉంటాయని మీకు తెలుసు. ఆటవెలదికి నాలుగు పాదాలు. ఆ నాలుగో పాదాన్ని వేమన్న ముందే మకుటానికి ఇచ్చేశాడు. పద్యం ఏదైనా చివర మాత్రం అదే పిలుపు, తన పేరు తానే పెట్టుకుని ‘విను’ అనుకునే పిలుపు. సరిగ్గా ఐదు సూర్యగణాలు, పాదం మొత్తం నిండిపోతుంది. ఇక చెప్పదలుచుకున్న విషయానికి మిగిలేవి మూడే పాదాలు. ఎంత పెద్ద సంగతైనా ఆ మూడింట్లో ఒదగాలి. 1829లో బ్రౌను దొరగారు ఈ పద్యాలను సేకరించి మద్రాసులో అచ్చు వేయించేదాకా ఇవి ఎక్కువగా తాటాకుల మీద, జనం నోళ్లలో బతికాయి. నోట్లో బతకాలంటే మాట పొట్టిగా ఉండాలి, చివర పట్టుకోవడానికి ఒక పిడి ఉండాలి. ఆ పిడే మకుటం.

తేనెటీగ పద్యంలోని మూడు పాదాల భావం ఇది. మొదటి పాదంలో ఒక మనిషి డబ్బు కూడబెడతాడు, కానీ ఎవరికీ ఇవ్వడు. రెండో పాదంలో అదే మనిషి తాను కూడా తినడు, భద్రంగా దాచిపెడతాడు. మూడో పాదంలో మనిషిని వదిలేసి మనల్నే ఒక ప్రశ్న అడుగుతాడు. తేనెటీగ కష్టపడి పోగుచేసిన తేనె చివరికి దారిన పోయేవాడి పాలు కావడం లేదా అని. ‘తెరువు’ అంటే దారి. తెరువరి అంటే బాటసారి. అంటే తేనెటీగకు చుట్టం కాదు, శత్రువూ కాదు. దానికి ఏమీ కాని మనిషి.

చిన్నప్పుడు బళ్లో ఈ పద్యం అప్పజెప్పినప్పుడు పిసినారిని తిట్టే పద్యం అనుకుని వదిలేశాం. కానీ కాస్త నిదానించి చూడండి. కూడబెట్టడం తప్పని వేమన్న ఎక్కడా అనలేదు. రెండు ‘లేవు’లు కలిపి చెప్పాడు. ఇవ్వలేదు, తినలేదు. ఈ రెండూ కలిస్తేనే మూడోది వస్తుంది. భర్తృహరి కూడా నీతిశతకంలో ధనానికి మూడు దారులే ఉన్నాయన్నాడు. ఇవ్వడం, అనుభవించడం, నశించడం. మొదటి రెండు దారులూ మూసేస్తే సొమ్ము తనంతట తానే మూడో దారి పడుతుంది. వేమన్న ఆ నాశనానికి ఒక మనిషి రూపం ఇచ్చి తెరువరి అన్నాడు.

ఇదే మాట భాగవతం పదకొండో స్కంధంలోనూ ఉంది. శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి చెప్పే కథలో యదు మహారాజు ఒక అవధూతను కలుస్తాడు. ఆ అవధూత తనకు ఇరవైనలుగురు గురువులున్నారని చెప్తాడు. భూమి, గాలి, సముద్రం, కొండచిలువ ఇలా సాగుతుంది ఆ వరుస. అందులో తేనె కూర్చే ఈగ ఒక గురువైతే, ఆ తేనెను తీసుకుపోయేవాడు ఇంకో గురువు. విచిత్రం చూడండి, తీసుకుపోయేవాడు కూడా గురువే. ఇవ్వకుండా, తినకుండా దాచినదాన్ని మరొకడు అనుభవిస్తాడని తనకు నేర్పింది వాడేనంటాడు అవధూత. భాగవతంలోని ఈ విషయమే వేమన్న నోట పామరులకు అందే మూడు పాదాలైంది.

ఇప్పుడు వినుకొండకు వద్దాం.

2025 శివరాత్రి వెళ్లిన వారానికి వినుకొండ దగ్గర ఒక ఊళ్లో నా ప్రవచనం పెట్టారు. పల్నాటి వాళ్లకు ఆ కొండ గురించి నేను చెప్పేదేముంది! సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయిన వార్త రాముడు విన్నది ఇక్కడే, అందుకే అది విన్న కొండ, వినుకొండ అయిందని పెద్దలు చెప్తారు. కొండ మీద రామలింగేశ్వరుడు ఉన్నాడు. ఊరి పేరులోనూ ‘విను’ ఉంది, వేమన్న మకుటంలోనూ ‘విను’ ఉంది కదా అని ఆ రోజు తేనెటీగ పద్యమే ఎత్తుకున్నాను. గంటసేపు చెప్పాను. పిసినారి కథలకు జనం బాగా నవ్వారు కూడా.

అయిపోయాక అందరూ ప్రసాదం తీసుకుని వెళ్తున్నారు. అరవై దాటిన ఒక రైతు కండువా భుజం మీద సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“గురువుగారూ, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. నేను ఏడాది పాటు మిరపకాయలు ఏసీలో పెట్టా. నేనూ ఆ తేనెటీగనేనా?” అన్నాడు.

బయట ఊళ్ల వాళ్లకు చెప్పాలి. గుంటూరు, పల్నాడు వైపు మిర్చి రైతులు ఏసీ అంటే ఇంట్లో చల్లగాలి మిషన్ కాదు, శీతల గిడ్డంగి. కళ్లంలో ఎండిన కాయను టిక్కీలకు ఎత్తి గుంటూరు యార్డుకు తీసుకెళ్తారు. ధర నచ్చకపోతే ఏసీలో పెడతారు. చల్లదనంలో కాయ రంగు నిలుస్తుంది, పురుగు పట్టదు. ధర వచ్చిన రోజు తీస్తారు.

“పంట దాచుకోవడం పిసినారితనం ఎట్లా అవుతుంది బాబాయ్? కూర్చోండి, సంగతి చెప్పండి” అన్నాను.

ఆయన చెప్పిన లెక్క ఇది. రెండెకరాల తేజ మిర్చి. 2024 మార్చి నాటికి ముప్పై ఆరు క్వింటాళ్లు చేతికొచ్చాయి, అంటే ఎనభై టిక్కీలు. పెట్టుబడికి మూడు లక్షలు అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. కోత కూలీలకు ఇంకా పద్దెనిమిది వేలు బాకీ. పంట వేసేటప్పుడు ఇంట్లో భార్యతో ఆయన అన్న మాట ఒకటుంది. “పద్దెనిమిది వేలు ధర పలికితే చాలు, అప్పు తీరిపోద్ది, పిల్ల పెళ్లికి కొంత మిగులుద్ది.”

ఆ మార్చిలో ఆయన కాయకు క్వింటాకు పంతొమ్మిది వేలు ఇస్తామన్నారు. అనుకున్నదానికంటే వెయ్యి ఎక్కువ!

“మరి అమ్మలేదా?” అని అడిగాను.

ఆయన తల దించుకున్నాడు. “ముందటేడు మా పక్క చేనతనికి పాతిక వేలు పడ్డాయండీ. నాకూ పడతాయనుకున్నా.”

ఎనభై టిక్కీలూ ఏసీకి వెళ్లాయి. తర్వాత ధర కొద్దికొద్దిగా జారింది. ఇంకో నెల చూద్దామనుకున్నాడు. జారే ధర దగ్గర అమ్మడానికి మనసొప్పలేదు. పదకొండు నెలలు గడిచాయి. కొత్త పంట యార్డుకు రావడం మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఆయన క్వింటా పదకొండు వేలకు అమ్మేశాడు. ధరలు ఎంతగా పడ్డాయంటే, ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద మన మిర్చికి క్వింటా 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది.

ఆ కాగితం మీదే కూడిక వేశాం. ముప్పై ఆరు క్వింటాళ్లకు పదకొండు వేల చొప్పున 3,96,000 వచ్చింది. అందులో పదకొండు నెలల వడ్డీ 66,000. ఏసీ అద్దె, హమాలీ అన్నీ కలిసి టిక్కీకి రెండు వందల లెక్కన 16,000. అసలు అప్పు మూడు లక్షలు. ఇవన్నీ పోగా ఆయన చేతిలో మిగిలింది 14,000. మార్చిలో పంతొమ్మిది వేలకే అమ్మి ఉంటే 6,84,000 వచ్చేది, అప్పు కట్టేశాక 3,84,000 మిగిలేది. తేడా 3,70,000.

“ఇప్పుడు చెప్పండి గురువుగారూ, నాది దురాశేనా?”

నిజం చెప్తున్నాను, అప్పటికప్పుడు నాకు జవాబు దొరకలేదు. వేదిక మీద పిసినారి గురించి నవ్వుతూ చెప్పడం తేలిక. ఎదురుగా నష్టపోయిన రైతును కూర్చోబెట్టుకుని నీది దురాశ అనడానికి నోరెలా వస్తుంది? ధర పడటం ఆయన చేతిలో ఉందా? లేదు. ఎవరు ఎంత వేశారు, ఎగుమతి ఎంత జరిగింది, ఏసీల్లో పాత సరుకు ఎంత ఉంది, ఇవన్నీ కలిసి ధరను నడిపిస్తాయి. అదే మార్చిలో ఏసీలో పెట్టాక ధర పాతిక వేలకు వెళ్లి ఉంటే ఊరంతా ఆయన్ని తెలివైనవాడనేది. నష్టం వచ్చింది కాబట్టి దురాశ, లాభం వస్తే తెలివి అంటే అది ధర్మం కాదు, వ్యాపారం. ఫలితాన్ని బట్టి గుణాన్ని తూచకూడదు.

మరి దేన్ని బట్టి తూచాలి? మళ్లీ పద్యం దగ్గరికే వెళ్లాను. రెండు ‘లేవు’లు ఉన్నాయా అని చూడమంటున్నాడు కదా వేమన్న. అందుకని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

“బాబాయ్, పంతొమ్మిది వేలు వచ్చిన రోజు పదో ఇరవయ్యో టిక్కీలు అమ్మి కూలీల డబ్బు ఇచ్చేశారా?”

చాలాసేపు మాట్లాడలేదు. “లేదండీ. అంతా ఒక్కసారే అమ్మి ఇద్దామనుకున్నా. వాళ్లు మూడు నాలుగుసార్లు ఇంటికొచ్చారు. కాయ ఏసీలో ఉంది కదా, యాడికి పోద్ది అన్నా. ఇప్పుడు చేతిలో పద్నాలుగు వేలే ఉన్నాయి, వాళ్లకు ఇవ్వాల్సింది పద్దెనిమిది వేలు.”

“ఆ ఏడాది ఇంట్లో ఏమన్నా కొనుక్కున్నారా?”

“మా ఆవిడ కళ్లకు శుక్లాల ఆపరేషన్ చేయించాలన్నారు. ధర వచ్చాక చేయిద్దామన్నా.”

ఇదిగో, ఇక్కడుంది వేమన్న పద్యం. పంతొమ్మిది వేలు పలికిన రోజు ఆ ఎనభై టిక్కీల్లో పది అమ్మితే చాలు. పది టిక్కీలంటే నాలుగున్నర క్వింటాళ్లు, 85,500 రూపాయలు. కూలీల బాకీ తీరేది, ఆమె కళ్లకు చూపు వచ్చేది, ఇంకా మిగిలేది. అవతల డెబ్బై టిక్కీలు ఏసీలో పెట్టుకుని ధర కోసం ఎదురుచూసినా దాన్ని దురాశ అనడానికి వీల్లేదు, అది వ్యవసాయదారుడి లెక్క. గెలిస్తే గెలుస్తాడు, ఓడితే ఓడతాడు. కానీ ఆ పది టిక్కీలు కూడా కదలకపోవడం దగ్గర పట్టు ఉంది. ఇవ్వలేదు, తినలేదు. తెరువరులు మాత్రం వచ్చి తమ వాటా తీసుకుపోయారు. వడ్డీ ఒక తెరువరి, అద్దె ఒక తెరువరి, పడిపోయిన ధర మూడో తెరువరి. ఎవరూ ఆయనకు శత్రువులు కారు. దారిన పోయేవాళ్లే.

ఆశకూ దురాశకూ మధ్య గీత ఎక్కడుందని చాలామంది అడుగుతుంటారు. ఆ రోజు నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ గీత మొత్తంలో లేదు. లక్ష దాకా ఆశ, పైది దురాశ అని ఎవరూ చెప్పలేరు. మనం అనుకున్నది వచ్చిన రోజు మన చెయ్యి తెరుచుకుందా లేదా అన్నదే గీత. పద్దెనిమిది చాలు అన్నవాడికి పంతొమ్మిది వచ్చింది. ఆ రోజు ‘చాలు’ అన్న మాట ఎటు పోయింది? పక్క చేనతని పాతిక వేలు దాన్ని మింగేసింది. అవసరాన్ని బట్టి పుట్టిన ఆశకు ఒక అంకె ఉంటుంది. పక్కవాడిని చూసి పుట్టినదానికి అంకె ఉండదు, ఎందుకంటే పక్కవాడు ఎప్పుడూ ఒకడు ఉంటాడు.

ఇంకో మాట కూడా ఉంది. ఇస్తానులే, తర్వాత ఇస్తానులే అనడం కూడా ఇవ్వకపోవడంలోనే కలుస్తుంది. దీనికి వినుకొండ వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. 1895లో ఈ ఊళ్లోనే పుట్టిన మహాకవి గుర్రం జాషువ ‘ఫిరదౌసి’ కావ్యం రాశారు కదా. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని గజనీ సుల్తాను మాట ఇచ్చాడు. కవి ఏళ్ల తరబడి కష్టపడి వేల పద్యాల షానామా రాశాడు. తీరా ఇచ్చే రోజున సుల్తానుకు చెయ్యి రాలేదు, బంగారం బదులు వెండి పంపాడు. చాలా కాలం తర్వాత మనసు మారి బంగారం పంపాడు. ఆ బంగారం ఊళ్లోకి వచ్చేసరికి కవి శవం ఊరి బయటికి వెళ్తోందని ఆ గాథ. సుల్తాను ఖజానా నిండుగానే ఉంది, చివరికి ఇచ్చాడు కూడా. కానీ సమయం దాటిపోయింది. ఆ రోజు దాటాక ఇచ్చినా ఆ సొమ్ము కవికి చేరలేదు.

ఇదంతా ఆ పెద్దాయనకు నేను ఇంత వివరంగా చెప్పలేదండి. “బాబాయ్, ధర పడటం మీ తప్పు కాదు. ఆ పది టిక్కీలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి” అన్నాను, అంతే. ఆయన కళ్లు తుడుచుకుని, “ఆ మాట నిజమండీ. ధర పోయినందుకు కాదు, కూలీ వాళ్లు ఎదురైతే పక్క సందులో తిరుగుతున్నా, అదీ నా బాధ” అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా లెక్క.

వినుకొండ నుంచి ఇంటికి వచ్చాను. అక్కడ కప్పిన శాలువా బీరువాలో పెట్టడానికి పై అర తెరిచాను. ప్రవచనాలు చెప్పేవాళ్ల ఇళ్లలో మీరు చూసే ఉంటారు, వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఒక శాలువా కప్పుతారు. ఇరవై ఏళ్ల శాలువాలు. ఒక్కటీ నేను కప్పుకోలేదు, ఎందుకంటే నాకు చలికి వాడే దుప్పటి వేరే ఉంది. ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు, ఎందుకంటే అవి సన్మానాలు. అప్పుడప్పుడు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ రోజు అడుగున ఉన్నవి పైకి తీస్తే చేతిలో పొడిపొడిగా రాలిపోయాయి. పురుగు కొట్టేసింది. నలభై మూడింట్లో పదిహేడు పనికిరాకుండా పోయాయి.

నా తెరువరి పురుగు. పాపం, దానికి నా మీద కోపం ఏముంది?

అక్కడే కింద కూర్చుండిపోయాను. కోతల రోజుల్లో మంచు విడవకముందే ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి మిరప చేలకు వెళ్లే ఆడకూలీలను ఎన్నిసార్లు చూశాను! పాత చీర మడిచి తలకు చుట్టుకుని వణుకుతూ వెళ్తుంటారు. ఆ పక్కనుంచే కారులో, ఒళ్లో కొత్త శాలువాతో ఇంటికి వచ్చాను. ఆ శాలువా ఇవ్వాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఎనభై టిక్కీలు దాచిన మనిషిని ప్రశ్న అడిగాను. నలభై మూడు శాలువాలు దాచిన మనిషిని అడిగినవాడు లేడు.

అప్పుడు అర్థమైంది మకుటం సంగతి. మూడు పాదాలు చెప్పి, నాలుగో పాదంలో వేమన్న ‘విను’ అంటున్నది ఎవర్ని? ధనవంతుణ్ణి కాదు, రైతును కాదు, నిన్నూ నన్నూ కాదు. తన పేరు పెట్టి తననే పిలుచుకుంటున్నాడు. పద్యం ఎవరు చదివినా ఆ నాలుగో పాదం దగ్గరికి వచ్చేసరికి చదివినవాడి చెవిలోనే మోగాలి. పద్యం చెప్పి ఎదుటివాడి వంక చూసేవాడు మూడు పాదాలే చదివినట్టు. నేను ఇన్నేళ్లూ అలాగే చదివాను.

బాగున్న ఇరవై ఆరు శాలువాలూ మూట కట్టించి, పోయిన కార్తీకంలో మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు తీసుకెళ్లాను. ఎవరికి ఇవ్వాలో ఆ పెద్దాయన్నే అడిగాను. ఆయన తీసుకెళ్లి చూపించిన ఇళ్లు, ముందటేడు తన చేలో కోతకు వచ్చిన వాళ్లవే. బాకీ అప్పటికే తీర్చేశానని దారిలో చెప్పాడు. ఎడ్లు లేని పాత బండి ఒకటి ఉంటే అమ్మి ఇచ్చాడట.

ఈ సంక్రాంతికి ఫోన్ చేశాడు. కొత్త పంటను ఈసారి మూడు భాగాలు చేస్తానన్నాడు. మొదటి భాగం కళ్లంలోంచి నేరుగా యార్డుకే, ఏ ధర ఉన్నా సరే. దాంతో కూలీల డబ్బు, అప్పులో వీలైనంత. రెండో భాగం తాను ముందే అనుకుని గోడ మీద సుద్దముక్కతో రాసుకున్న ధర వచ్చిన రోజు. మూడో భాగం మాత్రం ఏసీలో. “అది పోయినా నిద్ర పడుద్ది గురువుగారూ” అన్నాడు. వాళ్లావిడ కంటి ఆపరేషన్ అయిపోయిందట. గోడ మీది అంకె ఆమే చదివి, “చెరపబోకయ్యా” అంటుందట.

మీరూ ఒక పని చేయండి. ఈ రాత్రి పడుకునేముందు ఇంట్లో ఒక బీరువా అరో, ఒక పెట్టో, బ్యాంకు పుస్తకంలో ఒక పేజీనో తెరవండి. మీరు వాడనిది, ఎవరికీ ఇవ్వనిది ఏదైనా ఉందా చూడండి. ఉంటే వేమన్న మకుటంలో ఆయన పేరు తీసి మీ పేరు పెట్టుకుని పిలుచుకోండి. నేను నా పేరు పెట్టుకుని పిలుచుకున్నాను.

ఆ రామలింగేశ్వరుడు మనందరికీ ఇచ్చే చేతిని, వినే చెవిని ప్రసాదించుగాక. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.

స్వస్తి.